బిల్లు ఎందుకు మారింది? బిల్లింగ్ హిస్టరీ చదవడం గురించి కొత్త ఏజెంట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మన తిరుపతి సెంటర్లో బ్రాడ్‌బ్యాండ్ పోస్ట్‌పెయిడ్ కాల్స్ తీసుకోవడానికి కొత్తగా చేరినవాళ్ల కోసం ఈ నోట్. నెల మొదటి వారంలో మీకు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "ఏం స్వామీ, పోయిన నెల ఏడొందలు, ఈ నెల పద్నాలుగొందలా?" దీనికి జవాబు దాదాపు ఎప్పుడూ బిల్లింగ్ హిస్టరీలోనే ఉంటుంది. అన్ని రకాల మార్పుల గురించీ ఇక్కడ రాయలేదు. నెల మధ్యలో ప్లాన్ మారినప్పుడు వచ్చే బిల్లే ఎక్కువ గొడవ తెస్తుంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

కాల్ రాగానే మొదట ఏం తెరవాలి?

ఏదైనా తెరిచే ముందు ఒక ప్రశ్న అడగండి: "సార్, ఏ అంకెతో పోల్చి ఎక్కువ వచ్చిందంటున్నారు?" కొందరు పోయిన నెల బిల్లుతో పోలుస్తారు. కొందరు ప్లాన్ పేరులో ఉన్న 599తో పోలుస్తారు, అంటే వాళ్లు చూస్తున్న తేడాలో పన్ను కూడా కలిసి ఉంటుంది. ఇంకొందరు లైన్ వేసిన కుర్రాడు నోటిమాటగా చెప్పిన రేటుతో పోలుస్తారు. ఇది తెలియకుండా లెక్క చెప్పడం మొదలుపెడితే మీరొకటి చెబుతుంటారు, ఆయనొకటి వింటుంటాడు.

తర్వాత ఈ నెల బిల్లు, పోయిన నెల బిల్లు రెండూ పక్కపక్కన తెరవండి. లెడ్జర్ తర్వాత చూడొచ్చు. కొత్తవాళ్లు నేరుగా లెడ్జర్లోకి వెళ్లి, అందులోని ప్లస్‌లు మైనస్‌లు చూసి టెన్షన్ పడతారు. ఏ లైను కొత్తగా వచ్చిందో, ఏ లైను మాయమైందో బిల్లులు చెబుతాయి. ఆ లైను ఎందుకు వచ్చిందో లెడ్జర్ చెబుతుంది. ఈ వరసలోనే వెళ్లండి.

మొత్తం మారిందని కనిపిస్తోంది. కారణం తొందరగా పట్టుకునే దారి ఉందా?

ఉంది. రెండు బిల్లుల మొత్తాల మధ్య తేడాను 1.18తో భాగించండి. మన సర్వీసు మీద జీఎస్టీ 18 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోని కనెక్షన్‌కు అది బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9గా రెండు లైన్లలో కనిపిస్తుంది. కొత్తగా పడిన ప్రతి చార్జీ ఈ పన్నుతో కలిసే పెరుగుతుంది. కాబట్టి 1.18తో భాగిస్తే పన్ను పోయి అసలు చార్జీ బయటపడుతుంది.

తేడా 118 అయితే జవాబు 100, ఆ 100 బహుశా ఆగిపోయిన డిస్కౌంటు. 59 అయితే 50, అది ఆలస్య రుసుము కావచ్చు. ఆలస్య రుసుము మీద కూడా జీఎస్టీ పడుతుందని చాలామందికి తెలియదు, అందుకే "50 అని రాసి 59 ఎందుకు తీసుకున్నారు" అని అడుగుతారు.

ఈ కిటుకుకు ఒక హద్దు ఉంది. పాత బాకీ మీద మళ్లీ పన్ను వేయరు, ఎందుకంటే పన్ను దాని పాత బిల్లులోనే పడిపోయింది. తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద కూడా పన్ను ఉండదు. కాబట్టి భాగించాక వచ్చిన అంకె అర్థంపర్థం లేకుండా ఉంటే బాకీ లైను చూడండి. సరిగ్గా కస్టమర్ నెల రెంటలే వచ్చినా బాకీ లైనే చూడండి. ఈ రెండోది ఎందుకో కింద వస్తుంది.

నెల మధ్యలో ప్లాన్ మారిస్తే బిల్లు అంత ఎందుకు పెరుగుతుంది?

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. మన రెంటల్ ముందస్తుగా తీసుకుంటాం. జులై 1న వచ్చే బిల్లులో ఉండేది జులై నెల రెంటల్, జూన్‌ది కాదు. కరెంటు బిల్లు వాడుకున్నదానికి వస్తుంది కాబట్టి కస్టమర్లు దీన్ని కూడా అలాగే అనుకుంటారు. అయోమయం అక్కడే మొదలవుతుంది.

ఒక కేసు తీసుకుందాం. తిరుచానూరులో చిన్న టిఫిన్ సెంటర్ ఉన్న ఒకాయన 599 ప్లాన్‌లో ఉన్నాడు. జూన్ 16న 999 ప్లాన్‌కు మారాడు. జూన్ బిల్లు 706.82 వచ్చింది, అంటే 599కి 18 శాతం కలిపి. జులై బిల్లు 1,414.82 వచ్చింది. ఆయన ఎదురుచూసింది 999కి పన్ను కలిపి 1,178.82. ఆయన లెడ్జర్లో ఈ లెక్కకు కావాల్సిన లైన్లు ఇవి:

```
01-06  INV  RENTAL 01-06 TO 30-06    599.00
16-06  CHG  PLAN 599 > 999
01-07  INV  RENTAL 01-07 TO 31-07    999.00
01-07  CR   599  16-06 TO 30-06     -299.50
01-07  DR   999  16-06 TO 30-06      499.50
01-07  TAX  CGST 9%                  107.91
01-07  TAX  SGST 9%                  107.91
```

పైనుంచి కిందికి తేదీల వెంట చదవండి. జూన్ 1నే ఆయన దగ్గర నెల మొత్తానికి 599 ప్లాన్ రెంటల్ తీసుకున్నాం. 16న ప్లాన్ మారింది. అంటే 16 నుంచి 30 వరకు 15 రోజులు ఆయన పాత ప్లాన్ వాడలేదు, కానీ దానికి డబ్బు ముందే కట్టాడు. ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలి: 599లో సగం, 299.50. అదే CR లైను. ఆ 15 రోజులూ ఆయన 999 వేగం వాడాడు, దానికి ఇంకా డబ్బు తీసుకోలేదు: 999లో సగం, 499.50. అదే DR లైను. ఈ రెండూ కలిపితే ఆయన జూన్ తాలూకు ఇవ్వాల్సింది 200. దానికి జులై ముందస్తు రెంటల్ 999 కలిపితే 1,199. పన్ను 215.82 కలిపితే 1,414.82.

ఇప్పుడు ఆ కిటుకు ఇక్కడ వాడి చూడండి. రెండు బిల్లుల తేడా 708. దాన్ని 1.18తో భాగిస్తే 600. అందులో 400 కొత్త ప్లాన్‌కూ పాత ప్లాన్‌కూ ఉన్న తేడా, అది ఇక ప్రతి నెలా ఉంటుంది. మిగిలిన 200 జూన్ చివరి 15 రోజులది, అది ఈ ఒక్క బిల్లులోనే. ఆగస్టు బిల్లు 1,178.82కి దిగాలి. దిగకపోతే ఇంకేదో జరిగిందని అర్థం, అప్పుడు మళ్లీ చూడాలి.

మైనస్ గుర్తు చూస్తే కస్టమర్ ఇంకా గందరగోళపడుతున్నాడు. ఫోన్లో దీన్ని ఎలా చెప్పాలి?

CR, DR, ప్రోరేటా అనే మాటలు వాడకండి. రోజులు, రూపాయలు చెప్పండి. పై కేసులో మన సీనియర్ ఒకమ్మాయి మాట్లాడిన తీరు నాకు నచ్చింది.

"సార్, మీరు జూన్ 16న పెద్ద ప్లాన్‌కు మారారు కదా?"

"అవునమ్మా, మారినా. 999 అన్నారు, పద్నాలుగొందలు ఎట్లొచ్చింది?"

"జూన్ నెలకు మీరు ఒకటో తారీఖునే పాత ప్లాన్ డబ్బు కట్టేశారు సార్. 16 నుంచి నెలాఖరు దాకా కొత్త ప్లాన్ వాడారు. ఆ 15 రోజులకు పాత ప్లాన్ డబ్బు మీకు వెనక్కి వేసి, కొత్త ప్లాన్ డబ్బు తీసుకున్నాం. తేడా 200 రూపాయలు, పన్నుతో 236. మిగతా 1,178 రూపాయల 82 పైసలు జులై నెలది."

"అంటే వచ్చే నెల కూడా ఇంతే కట్టాల్నా?"

"లేదు సార్. ఆగస్టులో 1,178 రూపాయల 82 పైసలే వస్తుంది."

ఆయన చివర్లో అడిగిందే అసలు ప్రశ్న. చాలామందికి ఈ నెల ఎందుకు పెరిగిందనే దానికన్నా, ఇక ప్రతి నెలా ఇంతేనా అన్న భయమే ఎక్కువ. అందుకే వాళ్లు అడగకముందే వచ్చే బిల్లు ఎంతో అంకెతో చెప్పండి. "తగ్గుతుంది సార్" అని ఊరుకుంటే ఆగస్టు 1న మళ్లీ ఫోన్ వస్తుంది.

నగరి, సత్యవేడు వైపు నుంచి కాల్ వస్తే తమిళంలో చెప్పమని అడిగేవాళ్లు ఉంటారు. తమిళం వచ్చిన ఏజెంట్‌కు కాల్ ఇచ్చేటప్పుడు మీరు వేసిన లెక్క కూడా ఇవ్వండి, వాళ్లు మళ్లీ మొదటి నుంచి వేసుకోకుండా.

ఎప్పుడూ 30తోనే భాగించాలా? 31 రోజుల నెలలో నా లెక్క కుదరడం లేదు.

బిల్లింగ్ సిస్టమ్‌లు రెండు రకాలుగా ఉంటాయి. కొన్నింటిలో ఏ నెలైనా 30 రోజులే. కొన్నింటిలో ఆ నెలకు ఎన్ని రోజులుంటే అన్ని. ఇదే కస్టమర్ జులై 17న మారి ఉంటే మిగిలిన రోజులు 15. మొదటి పద్ధతిలో తేడా 200, రెండో పద్ధతిలో 193.55. పన్నుతో కలిపి చూస్తే ఏడున్నర రూపాయల తేడా. చిన్నదే, కానీ మీరు ఫోన్లో చెప్పిన అంకె బిల్లులో లేకపోతే కస్టమర్‌కు మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది.

మీ కనెక్షన్ రకానికి ఏ పద్ధతో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. 31 రోజుల నెలలో ప్లాన్ మారిన ఏదైనా పాత ఖాతా తెరిచి, CR లైనును రెంటల్‌తో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. ఇంకొకటి: ప్లాన్ మారిన రోజును కొత్త ప్లాన్‌లో లెక్కించారా, పాత ప్లాన్‌లోనా అన్నది లెడ్జర్లో TOకు అటూ ఇటూ ఉన్న తేదీలు చూసి చెప్పండి, ఊహించి చెప్పకండి.

కస్టమర్ మారానంటున్న తేదీ ఒకటి, లెడ్జర్లో తేదీ ఇంకొకటి. ఎవరిది సరైంది?

రెండూ సరైనవే కావచ్చు. ప్రతి మార్పుకు రెండు తేదీలు ఉంటాయి. మార్పు సిస్టమ్‌లో ఎక్కించిన రోజు ఎంట్రీ తేదీ. ఏ రోజు నుంచి డబ్బు లెక్కించాలో అది అమలు తేదీ. రెండూ ఒకటే రోజైతే గొడవ లేదు. బిల్లు తయారయ్యే రోజు ఈ రెండింటి మధ్యలో పడితేనే చిక్కు.

పుత్తూరులో ఒక కస్టమర్ జూన్ 28న 599 నుంచి 999కి మార్చమన్నాడనుకోండి. వేగం ఆ రోజే పెరిగింది, కానీ ఎంట్రీ జులై 3న పడింది, అమలు తేదీ జూన్ 28గా. జులై 1 బిల్లు తయారైనప్పటికి సిస్టమ్‌కు ఈ మార్పు సంగతే తెలియదు. కాబట్టి పాత 706.82 బిల్లే వచ్చింది. కస్టమర్ సంతోషంగా కట్టేశాడు. ఆగస్టు 1న మాత్రం అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి: జూన్ 28 నుంచి 30 వరకు 3 రోజుల తేడా 40, జులై నెల మొత్తం తేడా 400, ఆగస్టు రెంటల్ 999. మొత్తం 1,439, పన్నుతో 1,698.02.

ఇలాంటి బిల్లు చూసి కస్టమర్ "ప్లాన్ మార్చాక నెల దాటింది, ఇప్పుడెందుకు పెరిగింది" అంటాడు. ఆయన అడిగింది న్యాయమే. లెక్క తప్పు కాదు, కానీ రెండు నెలల తేడా ఒకేసారి కట్టాల్సి రావడానికి కారణం ఎంట్రీ ఆలస్యం. అది మన వైపు జరిగిందని ఒప్పుకుని చెప్పండి. ఒకేసారి కట్టడం కష్టమంటే గడువు పెంచే అధికారం మీకు లేదు, టీమ్ లీడర్‌కు ఉంది. కాల్ పెట్టేయకముందే అడగండి.

"నేను కట్టేశాను, అయినా పాత బాకీ చూపిస్తోంది" అంటే?

ఇది చూడటానికి తిరుచానూరు కేసులాగే ఉంటుంది, కానీ కారణం పూర్తిగా వేరు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో 599 ప్లాన్ కస్టమర్ ఒకాయన జూన్ బిల్లు కట్టకుండా ఉండి, జూన్ 30 రాత్రి యూపీఐలో 706.82 కట్టాడనుకోండి. బిల్లు తయారీకి లెక్కలు తీసుకున్న సమయానికి ఆ చెల్లింపు ఆయన ఖాతాలో పడలేదు. అందుకని జులై బిల్లులో పాత బాకీ 706.82, ఈ నెల 706.82, మొత్తం 1,413.64 అని వచ్చింది.

తిరుచానూరు ఆయనది 1,414.82, ఈయనది 1,413.64. తేడా 1 రూపాయి 18 పైసలే. మొత్తం మాత్రమే చూసి జవాబు చెబితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇక్కడ 1.18తో భాగించినా సరిగ్గా 599 వస్తుంది. అందుకే పైన అన్నాను: జవాబు కస్టమర్ రెంటల్‌తో సమానమైతే ముందు బాకీ లైను చూడాలని.

బిల్లు అనేది తయారైన నిమిషానికి ఉన్న పరిస్థితి. ఇప్పుడు ఎంత కట్టాలన్నది ఖాతాలోని బ్యాలెన్స్ చెబుతుంది. లెడ్జర్లో జులై 1న లేదా 2న PAY ఎంట్రీ ఉంటే బ్యాలెన్స్ ఇప్పటికే 706.82కి తగ్గి ఉంటుంది. అది చూసి "సార్, మీరు కట్టింది వచ్చింది, ఇప్పుడు కట్టాల్సింది 706 రూపాయల 82 పైసలే" అని చెప్పండి. PAY ఎంట్రీ అసలు లేకపోతే యూపీఐ లావాదేవీ నంబర్ తీసుకుని పేమెంట్స్ టీమ్‌కు పంపండి. మళ్లీ కట్టమని మాత్రం చెప్పకండి.

గడువు తేదీ దాటాక కట్టాడు కాబట్టి వచ్చే బిల్లులో ఆలస్య రుసుము కూడా రావచ్చు. అది ముందే చెప్పేయండి.

ప్లాన్ మారలేదు, బాకీ లేదు. అయినా పెరిగింది.

చాలావరకు డిస్కౌంటు గడువు ముగిసి ఉంటుంది. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఈ నెల బిల్లులో దానికి గుర్తు ఏదీ ఉండదు. పోయిన నెల బిల్లులో ఉన్న మైనస్ లైను ఈ నెల లేకపోవడమే గుర్తు. కొత్తవాళ్లు ఈ నెల బిల్లునే అటూ ఇటూ చదివి "అన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్" అనేస్తారు. అందుకే రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టమన్నది. కనెక్షన్ ఇచ్చిన నెల బిల్లు కూడా తెరవండి. డిస్కౌంటు ఎన్ని నెలలకని ఇచ్చారో అక్కడి నుంచి లెక్కపెడితే ముగిసిన నెల తేలిపోతుంది.

పోయిన నెల తక్కువ వచ్చిందని ఎవరూ ఫోన్ చేయరు కదా, దాన్నెందుకు చూడాలి?

ఆ నెల చేయరు, తర్వాతి నెల చేస్తారు. వానలకు రేణిగుంట వైపు ఫైబర్ తెగి 4 రోజులు నెట్ లేదనుకోండి, ఆ రోజులకు 599 ప్లాన్‌లో పన్నుతో కలిపి సుమారు 94 రూపాయలు తగ్గించి ఉంటాం. తర్వాతి నెల బిల్లు మామూలుగా 706.82కే వచ్చినా ఆయనకు అది పెరిగినట్టే ఉంటుంది. రెండు నెలలు ఎక్కువ కట్టి అడ్వాన్సు మిగిలిన ఖాతాల్లోనూ ఇదే జరుగుతుంది. తేడా అర్థం కానప్పుడు రెండు బిల్లులతో ఆగకుండా ఇంకో రెండు నెలలు వెనక్కి వెళ్లండి. మామూలు నెల ఏదో, వేరుగా ఉన్న నెల ఏదో అప్పుడే తెలుస్తుంది.

హిస్టరీ చదివాక తప్పు మనదే అని తేలితే?

"సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది సార్" అనొద్దు. ఆ మాట వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఉదాహరణకు కస్టమర్ ప్లాన్‌ను వచ్చే నెల నుంచి మార్చమంటే మనవాళ్లు ఆ రోజు నుంచే మార్చారనుకోండి. తిరుచానూరు కేసులో అలా జరిగి ఉంటే 200 వెనక్కి ఇవ్వాలి, దానితో పాటు ఆ 200 మీద తీసుకున్న పన్ను 36 కూడా, మొత్తం 236. పన్నును మరచిపోయి 200కే క్రెడిట్ వేయమని రాయడం తరచుగా జరిగే పొరపాటు.

క్రెడిట్ సాధారణంగా తర్వాతి బిల్లులో కనిపిస్తుంది. ఈ లోపు కస్టమర్ యాప్‌లో పాత మొత్తమే ఉంటుంది, గడువు కూడా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు నమోదు చేసి, వివాదంలో ఉన్న 236కి ఆలస్య రుసుము పడకుండా గుర్తు పెట్టించండి. మిగతా 1,178.82 గడువులోగా కట్టమని చెప్పండి. ఫిర్యాదు డాకెట్ నంబర్ తప్పకుండా ఇవ్వండి. మన జవాబు నచ్చకపోతే ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం 30 రోజుల్లోగా కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. డాకెట్ నంబర్ లేకపోతే ఆ దారి మొదలే కాదు.

కాల్ అయ్యాక నోట్‌లో ఏం రాయాలి?

"బిల్లు గురించి వివరించాను" అని రాస్తే తర్వాత కాల్ తీసుకున్నవాళ్లకు దాని వల్ల ఏ ఉపయోగమూ లేదు. వాళ్లు మళ్లీ రెండు బిల్లులూ తెరవాల్సిందే. తిరుచానూరు కేసుకు నేనైతే ఇలా రాస్తాను: "జులై బిల్లు 1,414.82. జూన్ 16న 599 నుంచి 999. జూన్ 15 రోజుల తేడా 200, పన్నుతో 236, ఈ నెలకే. ఆగస్టులో 1,178.82 అని చెప్పాను. కస్టమర్ ఒప్పుకున్నారు."